స్క్రీన్‌షాట్ల పీపీటీ చేతికొస్తే ఎలా చదవాలి

మా పిన్ని రాజమండ్రిలో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. వెబ్‌సైట్ ఉంది, దాన్ని చూసుకోడానికి ఒక ఏజెన్సీ ఉంది. వాళ్లు మూణ్నెల్లకోసారి ఒక రిపోర్టు పంపుతారు. 2025 జూన్‌లో వచ్చినదాంట్లో 26 స్లైడ్లు ఉన్నాయి. పిన్ని ఫోన్ చేసి, "ఒరేయ్, ఇందులో అన్నీ బొమ్మలేరా. పక్కన రెండు ముక్కలు రాశారు, అంతే. సైటు బాగుపడిందో లేదో నువ్వు చూసి చెప్పు, రెన్యువల్ డబ్బులు కట్టాలి" అంది.

అలాంటి పీపీటీ మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. చెప్పాల్సిన మనిషి పక్కన లేడు, స్లైడ్ నిండా స్క్రీన్‌షాట్లు, కింద ఒక్క లైను. దాన్నుంచి నమ్మదగ్గ విషయం ఎలా బయటికి తియ్యాలో పిన్ని రిపోర్టునే పట్టుకుని చెబుతాను. మీ దగ్గరున్నది అమ్మకాల రిపోర్టైనా, సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ పీపీటీ అయినా చేసే పని ఇదే.

ముందు అసలు ఫైలు తెప్పించుకోండి

పిన్ని నాకు పంపింది ఫోన్ స్క్రీన్‌ని తీసిన ఫొటోలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే సైజు తగ్గిపోతుంది, ముందుగా చెడిపోయేవి స్క్రీన్‌షాట్‌లోని సన్న అక్షరాలే. "పిన్నీ, ఏజెన్సీ వాళ్లు పంపిన ఫైలే డాక్యుమెంట్‌గా పంపు" అన్నాను. మీరు కూడా పీడీఎఫ్ కంటే `.pptx` దొరుకుతుందేమో అడగండి. పీడీఎఫ్‌లో స్లైడ్ పైకి కనిపించేదే సాధారణంగా వస్తుంది. పీపీటీలో కింద నోట్స్ ఉంటాయి, బొమ్మలు సాధారణంగా అసలు సైజులో ఉంటాయి, కత్తిరించిన బొమ్మల మిగతా భాగం కూడా చాలాసార్లు ఉంటుంది. ఆ చివరిదాని దగ్గరికి మళ్లీ వస్తాను, ఈ కథంతా దానిమీదే తిరిగింది.

ఫైలు తెరిచాక వెంటనే చదవడం మొదలుపెట్టకండి. మొదటిసారి గబగబా చివరిదాకా తిప్పేసి, ఏ స్లైడ్ ఏ పని చేస్తోందో ఒక్క మాట రాసుకోండి. నేను మూడు మాటలే వాడతాను: అలంకారం, రుజువు, సూచన. చేతులు కలుపుకున్న ఫొటో, కంపెనీ లోగో, "మన ప్రయాణం" అని కొండ బొమ్మ ఇవన్నీ అలంకారం, మళ్లీ చూడక్కర్లేదు. ఒక మాటను నిరూపించడానికి పెట్టిన స్క్రీన్‌షాట్ రుజువు. "ఇక్కడ నొక్కండి" అని బాణం గీసినది సూచన. పిన్ని రిపోర్టులో పనికొచ్చే రుజువులు ఆరంటే ఆరే. ఇరవై ఆరు స్లైడ్ల పని ఆరుకి దిగింది.

అక్షరాలు బయటికి తీయడం

స్లైడ్‌లో అక్షరాలు రెండు రకాలు. టైప్ చేసినవి ఒక రకం: హెడ్డింగు, బొమ్మ కింద రాసిన మాట, నోట్స్. వీటిని కాపీ చేసుకోవచ్చు. రెండోది బొమ్మలోనే ఉన్న అక్షరాలు. ముందు మొదటి రకం మొత్తం ఒక చోట పెట్టుకోండి, ముఖ్యంగా నోట్స్. పవర్‌పాయింట్‌లో View లోకి వెళ్లి Notes Page నొక్కితే కనిపిస్తాయి. మా 11వ స్లైడ్ కింద నోట్స్‌లో ఒకే లైను ఉంది: "కొత్త డిజైన్ మార్చి 3న లైవ్." స్లైడ్ మీద ఎక్కడా ఆ తేదీ లేదు. తర్వాత లెక్కంతా దాంతోనే కుదిరింది.

బొమ్మల్లోని అక్షరాలు నాలుగైదే అయితే చూసి టైప్ చేసుకోవడమే మేలు. పెద్ద పట్టికలున్నప్పుడు ఓసీఆర్ వాడండి, అంటే బొమ్మలోని అక్షరాల్ని చదివి టైప్ చేసినట్టు ఇచ్చే ప్రోగ్రామ్. ఫోన్‌లో గూగుల్ లెన్స్ చాలు. కంప్యూటర్‌లో టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్, దాని తెలుగు భాషా ఫైలు ఉంటే, బొమ్మను ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌తో పెద్దది చేసి ఇవ్వండి. స్క్రీన్‌షాట్‌లో అక్షరాలు మరీ చిన్నగా ఉంటాయి కాబట్టి అలాగే ఇస్తే తప్పులు ఎక్కువ వస్తాయి.

```
magick image7.png -resize 300% big.png
tesseract big.png out -l tel+eng --psm 11
```

చివరనున్న `--psm 11` అంటే, బొమ్మలో అక్షరాలు పేరాలుగా కాకుండా అక్కడక్కడా చెదిరి ఉన్నాయని చెప్పడం. స్క్రీన్‌షాట్లకి ఇది బాగా సరిపోతుంది. తెలుగు, ఇంగ్లీషు కలిసి ఉన్న బొమ్మ కాబట్టి రెండు భాషలూ ఇచ్చాను. అంకెలు మాత్రమే కావాలంటే `eng` ఒక్కటే ఇవ్వండి. తెలుగు కూడా ఇస్తే ఒక్కోసారి అంకె 0 ని మన పూర్ణానుస్వారం అనుకుంటుంది.

ఓసీఆర్ చేసే తప్పుల్లో అన్నిటికన్నా ప్రమాదం చుక్క మింగేయడం. 4.2K ని 42K అని ఇస్తుంది, చదవడానికి అదీ సజావుగానే ఉంటుంది కాబట్టి మన కళ్లు పట్టుకోవు. అందుకని ఓసీఆర్ ఇచ్చిన ప్రతి అంకెనూ బొమ్మతో ఒకసారి పోల్చాలి. ఇంకో మార్గం కూడా ఉంది, కింద లెక్క దగ్గర చెబుతాను.

బొమ్మను అంచుల నుంచి చదవండి

ఇప్పుడు ఆ 11వ స్లైడ్. హెడ్డింగు "కొత్త డిజైన్ ఫలితం". ఎడమవైపు ఒక స్క్రీన్‌షాట్, దాని మీద "ముందు". కుడివైపు ఇంకోటి, "తర్వాత". కింద ఒక లైను: "క్లిక్కులు దాదాపు 3 రెట్లు! పొజిషన్ కూడా పెరిగింది." రెండు పెద్ద అంకెల చుట్టూ ఆకుపచ్చ గీత.

రెండు స్క్రీన్‌షాట్లూ గూగుల్ సెర్చ్ కన్సోల్‌వి. మన సైటు గూగుల్ వెతుకులాటలో ఎన్నిసార్లు కనిపించింది, ఎంతమంది నొక్కారు అని చెప్పే పేజీ అది. పైన నాలుగు డబ్బాలుంటాయి:

ముందు: Total clicks 4.2K, Total impressions 105K, Average CTR 4%, Average position 11.6

తర్వాత: Total clicks 11.9K, Total impressions 397K, Average CTR 3%, Average position 14.9

స్లైడ్ చేసినవాళ్లు మన కంటిని ఆ పెద్ద అంకెల మీదికి లాగుతారు. మీరు మాత్రం ముందు అంచులు చూడండి. ఏ స్క్రీన్‌షాట్‌కైనా అంకె ఏమిటన్నది మధ్యలో ఉంటుంది, అది దేని గురించి అన్నది అంచుల్లో ఉంటుంది. పైన ఫిల్టర్లు, ఏ ట్యాబ్ కింద గీత ఉంది, గ్రాఫు కింద తేదీలు, పక్కన కొలత, కుడి మూలన చివరిగా అప్‌డేట్ అయిన సమయం.

ఎడమ బొమ్మలో డబ్బాల పైన `Date: Last 28 days` అని చిన్న బూడిదరంగు ముక్క కనిపించింది. కుడి బొమ్మలో ఆ వరుసే లేదు, డబ్బాల పై అంచు దగ్గర కత్తిరించేశారు. అనుమానం ఇక్కడే వచ్చింది.

ఇలా ఫిల్టర్ కనిపించనప్పుడు గ్రాఫు కింద తేదీలు అక్కరకొస్తాయి. ఎడమ గ్రాఫు 2/3/25 దగ్గర మొదలై 3/2/25 దగ్గర ఆగింది. మొదటి తేదీని మనం అలవాటుగా మార్చి 2 అని చదివేస్తాం. కానీ మధ్యలో 2/16/25 అని ఇంకో తేదీ ఉంది. పదహారో నెల ఉండదు కాబట్టి ముందున్నది నెల, వెనకున్నది రోజు. అంటే ఫిబ్రవరి 3 నుంచి మార్చి 2 దాకా, సరిగ్గా 28 రోజులు. ఫిల్టర్‌తో కలిసింది. కుడి గ్రాఫు 3/3/25 నుంచి 6/2/25 దాకా. అంటే మార్చి 3 నుంచి జూన్ 2, లెక్కపెడితే 92 రోజులు.

28 రోజుల క్లిక్కుల పక్కన 92 రోజుల క్లిక్కులు పెట్టి, మూడు రెట్లు అన్నారు.

కత్తిరించిన ముక్క వెతకడం

తేదీలతోనే విషయం తేలినా, ఫిల్టర్ల వరుసలో ఇంకేమైనా ఉందేమో చూడాలి. ఒక్క దేశానికో, ఒక్క పేజీకో ఫిల్టర్ పెట్టి ఉంటే లెక్క మళ్లీ మారిపోతుంది. పవర్‌పాయింట్‌లో బొమ్మను కత్తిరిస్తే మామూలుగా ఆ ముక్క పోదు, దాక్కుంటుంది అంతే. బొమ్మ మీద నొక్కి, Picture Format లో Crop నొక్కండి. దాక్కున్న భాగం మసకగా పైకి వస్తుంది. చూసి Esc కొట్టేయండి. మా దాంట్లో `Search type: Web`, `Date: Last 3 months` అని రెండే కనిపించాయి, వేరే ఫిల్టర్ లేదు.

పవర్‌పాయింట్ లేకపోతే ఫైలుకి ఒక కాపీ చేసి, దాని పేరులో చివరి `.pptx` ని `.zip` గా మార్చి తెరవండి. లోపల `ppt/media` అనే ఫోల్డర్‌లో బొమ్మలన్నీ పూర్తి సైజులో ఉంటాయి. అక్కడ `image7.png` అంటే ఏడో స్లైడ్‌ది అనుకోవద్దు, ఆ నంబరుకీ స్లైడ్ నంబరుకీ సంబంధం ఉండదు. కంటితో పోల్చుకోవాల్సిందే.

ఈ దారి ప్రతిసారీ దొరకదు. ఫైలు చేసినవాళ్లు Compress Pictures లో కత్తిరించిన భాగాలు తీసేయమని చెప్పి ఉంటే, లేదా స్క్రీన్‌షాట్ తీసేటప్పుడే అంతమేరకు తీసి ఉంటే, అక్కడ దాక్కున్నదేమీ ఉండదు. ఇంకో మాట. దాక్కున్న భాగంలో ఒక్కోసారి వేరే కస్టమర్ పేరో, ఎవరిదో మెయిలో కనబడుతుంది. అది మన పని కాదు. మీరు కూడా ఎవరికైనా పీపీటీ పంపే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

లెక్క వేసి చూడండి

ఒకే బొమ్మలో ఒకదానితో ఒకటి ముడిపడిన అంకెలుంటే వాటితో వాటినే పరీక్షించవచ్చు. సీటీఆర్ అంటే కనిపించిన ప్రతి వందసార్లకి ఎన్ని క్లిక్కులు అని. 4.2K ని 105K తో భాగిస్తే 4%, బొమ్మలోనూ అదే ఉంది. 11.9K ని 397K తో భాగిస్తే 3%, అదీ సరిపోయింది. ఒకవేళ ఓసీఆర్ 42K అని ఇచ్చి ఉంటే 40% వచ్చి, అక్కడే దొరికిపోయేది. ఇందాక చెబుతానన్న రెండో మార్గం ఇదే.

ఇప్పుడు రోజు లెక్క. ముందు: 4,200 క్లిక్కులు, 28 రోజులు, రోజుకి 150. తర్వాత: 11,900 క్లిక్కులు, 92 రోజులు, రోజుకి సుమారు 129. K అని రాసిన అంకెలు కుదించినవి కాబట్టి 4.2K వెనక 4,150 నుంచి 4,249 దాకా ఏదైనా ఉండొచ్చు. రెండు చివర్లూ వేసి చూశాను. తేడా అలాగే నిలిచింది. కనిపించడం మాత్రం రోజుకి 3,750 నుంచి సుమారు 4,315 కి పెరిగింది. అంటే సైటు గూగుల్‌లో ఎక్కువసార్లు కనబడుతోంది, నొక్కేవాళ్లు మాత్రం తగ్గారు.

"పొజిషన్ పెరిగింది" అన్న మాట చూడండి. 11.6 నుంచి 14.9 కి అంకె పెరిగిన మాట నిజమే. కానీ పొజిషన్ అంటే ర్యాంకు, 1 అన్నిటికన్నా పైన. 14.9 అంటే కిందికి దిగినట్టు. బొమ్మ ఒకటి చెబుతోంది, కింద రాసింది ఇంకోటి చెబుతోంది. ఇలాంటప్పుడు బొమ్మనే నమ్మండి. అయితే "సైటు పాడైంది" అని కూడా వెంటనే అనేయకండి. కొత్త పేజీలు పెట్టినప్పుడు అవి ముందు ఏ నలభయ్యో స్థానంలోనో కనిపించడం మొదలవుతాయి, పాతవి ఉన్నచోటే ఉన్నా సగటు కిందికి దిగుతుంది. ఈ రెంట్లో ఏది జరిగిందో ఈ స్లైడ్ ఒక్కటీ చూసి చెప్పలేం.

ఇలా ఉన్నప్పుడు నేను ఒక కాగితాన్ని మూడు భాగాలు చేసి రాసుకుంటాను. బొమ్మలో ఉన్నది, వాళ్లు రాసింది, నేను అనుకుంటున్నది. 11వ స్లైడ్‌కి ఇలా వచ్చింది:

బొమ్మలో ఉన్నది: 28 రోజుల్లో 4.2K, 92 రోజుల్లో 11.9K. పొజిషన్ 11.6 నుంచి 14.9.

వాళ్లు రాసింది: క్లిక్కులు 3 రెట్లు, పొజిషన్ పెరిగింది, కారణం కొత్త డిజైన్.

నేను అనుకుంటున్నది: రోజుకి క్లిక్కులు 150 నుంచి 129 కి తగ్గాయి. కారణం తెలియదు.

మూడో భాగంలో రాసింది ఎప్పుడూ మొదటి భాగంలోకి జారకూడదు. రెండు రోజుల తర్వాత కాగితం చూస్తే ఏది చూశామో, ఏది ఊహించామో మనకే గుర్తుండదు.

ఇదే పద్ధతిలో 17వ స్లైడ్ రెండు నిమిషాల్లో తేలిపోయింది. పేజ్‌స్పీడ్ పరీక్ష స్క్రీన్‌షాట్, ఆకుపచ్చ వలయంలో 91. కింద "సైటు సూపర్ ఫాస్ట్". అంచున చూస్తే `Desktop` ట్యాబ్ కింద గీత ఉంది, `Mobile` కింద లేదు. పిన్ని దగ్గర కొనేవాళ్లు దాదాపు అందరూ ఫోన్ నుంచే. ఆ 91 తప్పు కాదు, పిన్నికి కావాల్సిన అంకె కాదంతే.

స్లైడ్ బయట ఉన్నది

బొమ్మలో లేని సందర్భం మూడు చోట్ల వెతకండి: ముందు వెనక స్లైడ్లు, నోట్స్, ఆ పని బాగా తెలిసిన మనిషి. నోట్స్‌లో మార్చి 3 అని ఉంది కదా. కుడి గ్రాఫు మొదలైంది సరిగ్గా ఆ రోజే. అంటే డిజైన్ మార్చిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా మొత్తం తీసుకున్నారు, పక్కన మాత్రం ముందు 28 రోజులే పెట్టారు. మోసం చేయాలని చేశారని నేను అనుకోను. పోల్చేటప్పుడు రోజులు సమానంగా ఉండాలన్నది తట్టలేదు.

మనిషి విషయానికొస్తే, నేను మర్చిపోయింది పిన్నే చెప్పింది. "ఏప్రిల్, మే అంటే ఆవకాయ సీజన్ కదరా. ఆ రెండు నెలలూ ఎలాగూ ఎక్కువే వెతుకుతారు. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరిలో ఎవడు వెతుకుతాడు?" అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. సీజన్‌లో పెరగాల్సిన క్లిక్కులు తగ్గాయంటే నేను అనుకున్నదానికన్నా ఘోరం. లేదా ఫిబ్రవరిలో ఏదో ఆఫర్ పెట్టి ఎక్కువ వచ్చి ఉండాలి. అడిగితే, నిజంగానే ఫిబ్రవరి మధ్యలో ఒక వంటల చానెల్‌లో పిన్ని గోంగూర పచ్చడి గురించి చెప్పారట. అది తెలిశాక ఎడమ గ్రాఫు మళ్లీ చూస్తే 2/16 తర్వాత నిటారుగా ఒక మొన ఉంది. ముందు చూసినప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

అంటే ఆ ఫిబ్రవరి నెలను దేనితోనూ పోల్చకూడదు. పోల్చాల్సింది 2024లో అదే సీజన్‌తో. సెర్చ్ కన్సోల్ 16 నెలల వివరాలు దాచి ఉంచుతుంది కాబట్టి జూన్ 2025లో నిలబడి 2024 మార్చి దాకా వెనక్కి వెళ్లొచ్చు.

ఏం అడగాలో అది మాత్రమే అడగండి

"మీ రిపోర్టు తప్పు" అని రాస్తే సమాధానం రాదు, సంజాయిషీ వస్తుంది. స్లైడ్ నంబరు, కావాల్సిన బొమ్మ, దాని ఫిల్టర్ చెప్పండి. పిన్ని పేరుతో నేను రాసింది ఇది:

"11వ స్లైడ్‌లో తేదీలు రెండు వైపులా వేరుగా ఉన్నాయి. Date ఫిల్టర్‌లో Compare పెట్టి, 2025 మార్చి 3 – జూన్ 2 ని 2024 లో అవే తేదీలతో పోల్చి, ఫిల్టర్ వరుస కనిపించేలా మొత్తం పేజీ స్క్రీన్‌షాట్ పంపండి. 17వ స్లైడ్‌కి Mobile ట్యాబ్‌ది కూడా పంపండి."

మర్నాడు సాయంత్రానికి వచ్చాయి. ఈసారి కత్తిరించలేదు. 2024లో ఆ 92 రోజుల్లో క్లిక్కులు 10.1K, 2025లో 11.9K. మూడు రెట్లు కాదు, దాదాపు 18% పెరిగింది. అది కొత్త డిజైన్ వల్లా, వంటల చానెల్ వల్లా అన్నది ఈ బొమ్మ కూడా చెప్పదు. మొబైల్ స్కోరు నారింజ రంగులో 58.

పిన్నికి ఈ రెండు అంకెలే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఏడాదికి వద్దు, ఆర్నెల్లకే కడతాను. ఆ ఫోన్ స్పీడు సంగతి ముందు చూడమను" అంది.